గోల్డ్‌ఫిష్ నీటిపైనే ఉంటోందా? తప్పు మొప్పలదా, గాలితిత్తిదా?

చేప పైనే ఉంటోందంటే మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. అది తనంతట తాను పైకి వచ్చిందా, లేక కిందికి దిగలేక తేలిపోతోందా? మొదటిది మొప్పలతో ముడిపడ్డ ఊపిరి సమస్య, రెండోది చేపని నీళ్లలో నిలబెట్టే గాలితిత్తితో ముడిపడ్డ తేలుడు సమస్య. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నేనూ ఒకసారి పొరబడ్డాను, ఆ సంగతి కింద చెబుతాను.

లక్షణం 1: నోరు నీటి అంచుకి ఆనించి గుటకలు వేస్తోంది

ట్యాంక్ పక్కన మెల్లగా చేయి ఆడించండి. చేప చటుక్కున కిందికి దిగి, కాసేపటికి మళ్లీ పైకి వస్తే గాలితిత్తి బాగానే ఉన్నట్టు. మొప్పల మూతలు వేగంగా కొట్టుకుంటున్నాయేమో కూడా చూడండి.

కారణం: చేప నోరు తెరిచి నీళ్లు లోపలికి తీసుకుంటుంది, నోరు మూసి మొప్పల మీదుగా బయటికి నెడుతుంది. మొప్పల్లోని సన్నటి రేకుల్లో రక్తం నీటికి ఎదురు దిశలో పారుతుంది. దాంతో రక్తం ఎంత ముందుకెళ్లినా తనకంటే ఎక్కువ ఆక్సిజన్ ఉన్న నీళ్లే ఎదురవుతుంటాయి, చివరిదాకా లాగుతూనే ఉంటుంది. రెండూ ఒకే దిశలో పారితే సగానికొచ్చేసరికి ఇద్దరి లెక్కా సమానమై లాగడం ఆగిపోయేది. ఇంత ఏర్పాటున్నా నీళ్లలోనే సరుకు లేకపోతే చేప ఏం చేస్తుంది? 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగే ఆక్సిజన్ దాదాపు 8 మిల్లీగ్రాములే. వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. గాలికి ఆనుకున్న పై పొరలో కాస్త ఎక్కువ దొరుకుతుంది కాబట్టి చేప అక్కడికి చేరుతుంది. మొక్కలున్న ట్యాంక్‌లో ఇది తెల్లవారుజామున ఎక్కువగా కనిపిస్తుంది, రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి మరి.

పరిష్కారం: నీటిపైభాగం బాగా కదిలేలా ఫిల్టర్ ధారని పైకి తిప్పండి లేదా ఎయిర్ పంప్ పెట్టండి. బుడగల కన్నా పైభాగం కదలడమే ముఖ్యం. క్లోరిన్ తీసేసిన, అదే వేడి ఉన్న నీళ్లతో పావు వంతు మార్చండి. గంటలో తేడా లేకపోతే చేప వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో టెస్ట్ కిట్‌తో చూడండి. రెండూ సున్నా ఉండాలి. నైట్రైట్ రక్తంలోకి చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మోయలేదు, మొప్పలు ఎర్రగా కాక గోధుమరంగులోకి మారతాయి. అప్పుడు గాలి కొట్టడం ఒక్కటే చాలదు. నీళ్లు మార్చి, లీటరుకి 1 గ్రాము అయోడిన్ లేని ఉప్పు కలపండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి పోటీగా నిలబడి దాన్ని లోపలికి రానివ్వదు.

లక్షణం 2: తోక పైకెత్తి, లేదా పక్కకి ఒరిగి తేలుతోంది

నేను పొరబడింది ఇక్కడే. నా గుండ్రటి గోల్డ్‌ఫిష్ మేత తిన్న గంటకి పైకి తేలి, వీపు నీటి బయటికి పెట్టి ఉండేది. ఆక్సిజన్ చాలడం లేదేమోనని టెన్షన్ పడి రెండు రోజులు పంప్ వేశాను, తేడా లేదు. తర్వాత గమనిస్తే అది గుటకలు వేయడం లేదు, మూతలు మామూలుగానే కదులుతున్నాయి. కిందికి దిగాలని తోక గట్టిగా ఊపుతోంది, ఆపగానే బెండులా పైకి వచ్చేస్తోంది.

కారణం: చేప కండ, ఎముక నీటికంటే బరువు. ఆ తేడాని గాలితిత్తి సరిచేస్తుంది. గోల్డ్‌ఫిష్‌లో ఈ తిత్తి నుంచి అన్నవాహికకి సన్నటి గొట్టం ఉంటుంది, గాలి నింపుకోవడం, వదలడం ఎక్కువగా దాని ద్వారానే. పైన తేలే మేత తింటూ గాలి మింగినా, మలబద్ధకంతో పేగు ఉబ్బినా ఈ లెక్క తప్పుతుంది. గుండ్రటి రకాల్లో ఒళ్లు పొట్టిగా ఉండి లోపల చోటు ఇరుకు, అందుకే వాటికే ఇది ఎక్కువ. పైగా పైకి వచ్చిన కొద్దీ నీటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఇంకాస్త వ్యాకోచిస్తుంది, ఇంకా పైకి లాగుతుంది.

పరిష్కారం: రెండు మూడు రోజులు మేత ఆపండి, గోల్డ్‌ఫిష్ దానికి తట్టుకుంటుంది. తర్వాత మునిగే గుళికలు కాసేపు నానబెట్టి కొద్దికొద్దిగా వేయండి. నా చేప మూడో రోజుకి ఒరగకుండా మామూలుగా ఈదింది. నీటిపైకి వచ్చిన వీపు భాగం ఆరి పుండు పడొచ్చు. ఆ రోజుల్లో నీటిమట్టం తగ్గించినా ఫరవాలేదు, కిందికి దిగే శ్రమ తగ్గుతుంది.

వారం దాటినా మారకపోతే, పొలుసులు లేచి పొట్ట ఉబ్బితే మేత సంగతి కాదు. తిత్తికో కిడ్నీకో ఇన్ఫెక్షన్, కణితి లాంటివి ఉండొచ్చు. చేపల జబ్బులు తెలిసిన పశువైద్యులకి చూపించాలి. పుట్టుకతోనే తిత్తి వంకరగా ఉన్న చేపకి మాత్రం మందు లేదు, లోతు తక్కువ ట్యాంక్‌లో ఉంచి మునిగే మేతే వేస్తూ ఉండటమే.