అప్‌డేట్ తర్వాత ఐఫోన్ లోగో దగ్గరే ఆగిపోతే: సమస్య - పరిష్కారం

ఐఫోన్ అప్‌డేట్ చేశాక యాపిల్ లోగో దాటి ముందుకు పోవడం లేదని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే. లోగో కింద సన్నని గీత ఉందా? ఉంటే ఫోన్ ఇంకా తన పనిలోనే ఉండవచ్చు. ఛార్జర్‌కు పెట్టి, గీత ఎంతవరకు నిండిందో మరో ఫోన్‌తో ఒక ఫొటో తీసి, గంట తర్వాత పోల్చి చూడండి. ఏమాత్రం కదలకపోతేనే అది ఆగిపోయినట్టు లెక్క. చాలామంది ఈ గంట ఓపిక పట్టకుండా, సగంలో ఉన్న అప్‌డేట్‌ను తామే తెంపేసి వస్తున్నారు.

నిజంగానే ఆగిపోయిందని తేలితే ఫోర్స్ రీస్టార్ట్ చేయాలి. దీనివల్ల డేటా పోదు. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ పెంచే బటన్‌ను ఒకసారి నొక్కి వెంటనే వదలాలి, తగ్గించే బటన్‌నూ అలాగే నొక్కి వదలాలి, ఆపై పక్క బటన్‌ను నొక్కిపట్టాలి. తెర నల్లబడి మళ్లీ లోగో వచ్చాక వదిలేయాలి. మొదటి రెండు బటన్లను నొక్కి అలాగే పట్టుకోవడం, లేదా వాటి మధ్య ఆలస్యం చేయడం వల్లనే ఇది ఎక్కువగా విఫలమవుతుంది. ఐఫోన్ 7లోనైతే వాల్యూమ్ తగ్గించే బటన్‌ను, పక్క బటన్‌ను కలిపి పట్టుకోవాలి.

రెండు మూడు సార్లు చేసినా మళ్లీ లోగో దగ్గరే నిలిచిపోతే రికవరీ మోడ్‌కు వెళ్లాలి. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి బటన్లను అదే వరుసలో నొక్కాలి, కాని ఈసారి లోగో కనిపించినా పక్క బటన్ వదలకూడదు. తెరపై కేబుల్, కంప్యూటర్ బొమ్మ వచ్చేదాకా పట్టుకునే ఉండాలి. అప్పుడు మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఐట్యూన్స్ లేదా యాపిల్ డివైసెస్ యాప్ ఒక పెట్టె చూపి Update, Restore అనే రెండు దారులు ఇస్తుంది. Update మీ డేటాను ఉంచి ఐఓఎస్‌ను మళ్లీ ఎక్కిస్తుంది. Restore మొత్తం తుడిచేస్తుంది. నొక్కేముందు ఆ అక్షరాలను ఒకసారి పైకి చదవండి.

ఇక్కడే నన్ను బాగా దెబ్బతీసిన సంగతి ఒకటి ఉంది. Update నొక్కగానే కంప్యూటర్ ఐఓఎస్ ఫైలును ఇంటర్నెట్ నుంచి దించుకోవడం మొదలుపెడుతుంది, ఫోన్ మాత్రం రికవరీ తెర మీద అంతసేపు వేచి ఉండదు. దించుకోవడానికి 15 నిమిషాలు దాటితే అది రికవరీ మోడ్ నుంచి బయటికి వచ్చి మళ్లీ లోగో చూపిస్తుంది. ఫైలు 8 జీబీ ఉందనుకుందాం. 40 ఎంబీపీఎస్ లైన్‌పై, ఆ వేగం పూర్తిగా అందినా, అది దిగడానికి దాదాపు 27 నిమిషాలు పడుతుంది. 15 నిమిషాల్లో ముగియాలంటే 70 ఎంబీపీఎస్‌కు పైగా నిలకడగా రావాలి. అంటే మామూలు ఇంటి కనెక్షన్‌లో ఫోన్ మధ్యలో బయటికి రావడం లోపం కాదు, సహజం.

ఈ సంగతి తెలియని రోజుల్లో మా మేనమామ గారి ఫోన్‌ను ఇలాగే కలిపాను. ఇరవై నిమిషాలకు లోగో తిరిగి కనిపించేసరికి Update పనిచేయలేదనుకుని, మళ్లీ రికవరీ మోడ్‌కు తెచ్చి Restore నొక్కాను. ఆయన మనవరాలి మొదటి ఏడాది ఫొటోలు ఆ ఫోన్‌లో తప్ప మరెక్కడా లేవు. నిజానికి కంప్యూటర్‌లో ఫైలు అప్పటికి సగానికి పైగా దిగి ఉంది. ఇంకాస్త ఆగితే సరిపోయేది.

కాబట్టి ఫోన్ లోగోకు తిరిగి వెళ్లినా కంప్యూటర్‌లో దేనినీ మూసేయకండి. డౌన్‌లోడ్‌ను పూర్తి కానివ్వండి. అది ముగిసిన తర్వాత అదే బటన్లతో ఫోన్‌ను మళ్లీ రికవరీ మోడ్‌కు తెచ్చి Update నొక్కండి. ఫైలు సిద్ధంగా ఉంటుంది కనుక ఈసారి 15 నిమిషాల గడువు అడ్డు రాదు. తెరపై గీత నిండి ఫోన్ తనంతట తాను తెరుచుకునే దాకా కేబుల్ కదపకండి. ఫోన్ తెరుచుకోగానే మొదట బ్యాకప్ తీయండి, మిగతా పనులు తర్వాత.

4013 వంటి ఎర్రర్ వస్తే ముందు కేబుల్ మార్చి, యూఎస్‌బీ హబ్ తీసేసి, కంప్యూటర్‌కు నేరుగా కలపండి. నీళ్లలో పడిన ఫోను, ఈమధ్యే విప్పిన ఫోను అయితే లోపం హార్డ్‌వేర్‌లో ఉండవచ్చు, దానిని సర్వీస్ సెంటర్‌లోనే చూపించాలి. లోగో దగ్గర ఆగిన ఫోన్‌లోంచి ఫొటోలు లాగిస్తామనే సాఫ్ట్‌వేర్లకు డబ్బు కట్టకండి. లోపలి డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఫోన్ తెరుచుకుని మీరు పాస్‌కోడ్ కొట్టనిదే అది చదవడానికి వీలుకాదు.

ఫైలు పూర్తిగా దిగి, కేబుల్ మార్చి, రెండుసార్లు ప్రయత్నించినా Update విఫలమైతే Restore ఒక్కటే మిగులుతుంది. దానికి ముందు మరో పరికరంలో icloud.com తెరిచి ఫొటోలు అక్కడ ఉన్నాయేమో చూడండి, కంప్యూటర్‌లో పాత బ్యాకప్ ఉందేమో వెతకండి. యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ కూడా సిద్ధంగా ఉంచుకోండి, తుడిచిన తర్వాత ఫోన్ మొదట అడిగే వాటిలో అదొకటి.