ఇద్దరు చిన్నపిల్లలతో ఒంటరిగా విశాఖకు: టికెట్ తీసే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో స్లీపర్ ప్రయాణం, పిల్లలకు మూడేళ్లు, ఆరేళ్లు అనుకుందాం.

• ఐదేళ్లలోపు బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఆరేళ్ల బిడ్డకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. ఆ సగం మిగులుతుందని ఆశపడితే ముగ్గురూ ఒకే బెర్తుపై ఇరుక్కోవాలి, తెల్లారేసరికి పెద్దవారి నడుం పట్టేస్తుంది. ఇక్కడ మాత్రం పొదుపు వద్దు, రెండు బెర్తులు తీసుకోండి. బుక్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్తు వస్తేనే టికెట్ ఇవ్వమనే ఎంపికను గుర్తించండి. చిన్నబిడ్డను పక్కన పడుకోబెట్టుకోవడానికి అదే వీలు.

• డబ్బు, ఫోను, గుర్తింపు కార్డులు ఒంటికి తగిలించుకునే చిన్న సంచిలో ఉండాలి. రాత్రి ఒకరికి మూత్రం వస్తే ఇద్దరినీ లేపి తీసుకెళ్లాల్సిందే. నిద్రమత్తులో సంచి బెర్తుపైనే ఉండిపోతుంది. పెద్ద బ్యాగును గొలుసుతో కట్టేయండి.

• రైలు తెల్లవారుజామున చేరితే గది ఎన్ని గంటలకు ఇస్తారో, అప్పటిదాకా సామాను ఉంచనిస్తారో ముందే ఫోనులో అడగండి. లేకపోతే అదనంగా అద్దె పడొచ్చు.

• జూ సోమవారం మూసి ఉంటుంది.

• ఆర్కే బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ. పెద్దవారు ఒక్కరే ఉన్నప్పుడు పిల్లలను తడి ఇసుక దాటి పోనివ్వకండి.