రెండు బిందువులకూ −18 వచ్చింది

పదో తరగతి చదివే మా అమ్మాయికి నిరూపక జ్యామితి లెక్క చూపిస్తూ నేనే తప్పు చేశాను. A(2, −3), B(−4, 5) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణం కావాలి. వాలు 8/(−6), అంటే −4/3. తర్వాత y − 3 = −4/3(x − 2) అని రాసేసి, 4x + 3y − 17 = 0 తేల్చాను.

"నాన్నా, వెనక జవాబు వేరేలా ఉంది" అంది.

మళ్లీ మొదలుపెట్టకుండా ఇచ్చిన బిందువులనే సమీకరణంలో పెట్టి చూశాను. A పెడితే 8 − 9 − 17 = −18. B పెడితే −16 + 15 − 17, అదీ −18. సున్నా రాలేదు సరే, రెండింటికీ ఒకే సంఖ్య వచ్చిందంటే వాలు సరైనదే, చివరి స్థిరసంఖ్య మాత్రమే తప్పు. వెతికితే దొరికింది: y − (−3) అంటే y + 3 కదా! −17కి 18 కలిపితే 4x + 3y + 1 = 0. ఇప్పుడు రెండు బిందువులకూ సున్నా.

ఒక్క A తో సరిచూసి ఊరుకోకూడదు. సూత్రంలో వాడింది A నే కాబట్టి వాలు తప్పయినా అక్కడ సున్నాయే వస్తుంది. వాలు తప్పును పట్టిచ్చేది B.

మధ్యబిందువు (−1, 1) కూడా ఇలాగే చూశాం. అది రేఖ మీద ఉంటే చాలదు, రేఖ మీద బిందువులు బోలెడు. A కి, B కి దూరం కొలిస్తే రెండూ 5, AB మొత్తం 10.