జర్మన్ హోటల్ వంటగదిలో పదిహేడేళ్ల శిక్షణార్థికి డ్యూటీ చార్టు – 3వ పాఠం: బడి రోజు ముందు, బడి రోజు తర్వాత

గత రెండు పాఠాల్లో జర్మనీలో మూడేళ్ల వంట శిక్షణ ఒప్పందం ఎలా ఉంటుందో చూశాం. ఈ పాఠంలో, ఆ ఒప్పందం మీద చేరిన పదిహేడేళ్ల కుర్రవాడికి ఒక వారం డ్యూటీ చార్టు వేద్దాం. అక్కడ భోజనశాల నడుపుతున్న తెలుగువారికీ, అక్కడే పెరిగి పదో తరగతి కాగానే శిక్షణలో చేరే పిల్లల తల్లిదండ్రులకూ ఇది నేరుగా పనికివస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి 1976 నాటి యువజన శ్రామిక రక్షణ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, వారానికి ఐదు రోజులే పని చేయించాలి. పని మామూలుగా ఉదయం 6 నుంచి రాత్రి 8 లోపు ముగియాలి. పదహారేళ్లు దాటినవారిని మాత్రం హోటళ్లలో రాత్రి 10 వరకు ఉంచవచ్చు.

చాలామంది ఈ రాత్రి 10 వరకు అనే మినహాయింపును పట్టుకుని చార్టు వేయడం మొదలుపెడతారు. నా అభిప్రాయంలో మొదలుపెట్టవలసింది శిక్షణలో భాగంగా వెళ్లే వృత్తి బడి రోజు దగ్గర. మన కుర్రవాడికి బుధవారం ఉదయం 8 గంటలకు బడి, 45 నిమిషాల చొప్పున ఆరు పీరియడ్లు ఉన్నాయనుకుందాం. బడి 9 గంటలకు ముందే మొదలవుతుంది కాబట్టి మంగళవారం రాత్రి 8 తర్వాత అతణ్ణి వంటగదిలో ఉంచకూడదు. హోటల్ మినహాయింపు ఆ ఒక్క రాత్రికి చెల్లదు. ఇక ఐదు పీరియడ్లకు మించిన బడి రోజు వారానికి ఒకసారి పూర్తి పనిదినంగా, అంటే ఇక్కడ 8 గంటలుగా లెక్కకు వస్తుంది. కాబట్టి మధ్యాహ్నం బడి వదిలాక "రెండు గంటలు వచ్చి వెళ్లు" అని పిలవడం కుదరదు.

మిగిలిన 32 గంటలను నాలుగు రోజులకు పంచాలి. ఆది, సోమవారాలు వరుసగా సెలవు ఇద్దాం. మంగళవారం 11 నుంచి 8 వరకు, గురు, శుక్ర, శనివారాల్లో మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు, ప్రతిరోజూ గంట విరామంతో వేస్తే లెక్క సరిపోతుంది. పని ముగిశాక మళ్లీ మొదలయ్యేవరకు 12 గంటల విశ్రాంతి ఉండాలి. రాత్రి 10కి వెళ్లినవాడు మర్నాడు ఉదయం 10 కంటే ముందు రాకూడదు. శుక్రవారం కూరగాయలు కోయడానికి ఉదయం 9కి పిలవాలని ప్రధాన వంటవాడికి అనిపించవచ్చు గానీ, అది తప్పవుతుంది.

ఆరు గంటలకు మించిన పనికి విరామం మొత్తం 60 నిమిషాలు ఉండాలి. 15 నిమిషాల కంటే తక్కువ ఆగితే అది విరామం కింద రాదు, నాలుగున్నర గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు. విరామం అంతా సాయంత్రం 4:30 భోజనానికే ఇచ్చేస్తే, 5:30 నుంచి 10 వరకు సరిగ్గా నాలుగున్నర గంటలవుతుంది. చివరి ఆర్డరు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ హద్దూ, రాత్రి 10 హద్దూ రెండూ దాటిపోతాయి. అందుకే 4:45కు 45 నిమిషాలు, 8:30కి 15 నిమిషాలు ఇవ్వడం మేలు.

పెద్దవాళ్లకు వేసే రెండు పూటల డ్యూటీని, అంటే ఉదయం 10–2, సాయంత్రం 6–10ని ఇతనికీ అలాగే వేసే అలవాటు ఉంది. పని 8 గంటలే అయినా, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకు 12 గంటలు అవుతుంది. హోటళ్లలో విరామాలతో కలిపి ఈ నిడివి 11 గంటలు దాటకూడదు. 10–2, 5–9 అయితే చెల్లుతుంది. సాయంత్రపు రద్దీ పూర్తిగా దొరకలేదని వంటగది సణుగుతుంది, సణగనివ్వండి.

నెలలో కనీసం రెండు ఆదివారాలు సెలవు తప్పనిసరి. శనివారాల్లో కనీసం రెండు సెలవుగా ఉండాలన్నది కూడా చట్టం చెప్పిన మాటే, కాని అది అంత కఠినంగా చెప్పినది కాదు. శనివారం సెలవిచ్చిన వారంలో ఆ 8 గంటలను సోమవారం 1–10కి మార్చండి. మర్నాడు 11కి రావడానికి 13 గంటల విశ్రాంతి దొరుకుతుంది.

బడికి సెలవులున్న వారంలో చార్టు మారుతుంది. బుధవారం బడి లేదు గనక మంగళవారం రాత్రి 8 పరిమితి తొలగిపోతుంది, బుధవారానికి 8 గంటల పని వేయవచ్చు. కాబట్టి బడి క్యాలెండరును ముందుగా తెప్పించుకుని, రెండు రకాల వారాలకూ విడివిడిగా చార్టులు తయారుచేసి పెట్టుకోండి. పద్దెనిమిదేళ్లలోపువారు కనీసం ముగ్గురు క్రమంగా పనిచేసే చోట, పని వేళలనూ విరామాలనూ రాసిన పట్టికను అందరికీ అందుబాటులో ఉంచాలి. వారానికి రెండు రోజులు బడి ఉన్న శిక్షణార్థి లెక్క వచ్చే పాఠంలో.