పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ కొంటున్నారా? సమస్య, కారణం, పరిష్కారం

చూడటానికి వెళ్లే ముందురోజే ఫోన్ చేసి, రాత్రంతా ఫ్రిజ్ ఆపి తలుపు తీసి ఉంచమనండి. ముందే చల్లబడిన ఫ్రిజ్‌లో చాలా లోపాలు కనబడవు. వెళ్లగానే, ప్లగ్ తీసి ఉందని చూసుకుని, వెనక కంప్రెసర్‌ను తాకండి. వేడిగా ఉంటే కాసేపటి క్రితం వరకూ నడిచిందన్నమాటే.

బాడీకి షాక్ కొడుతుంది

ప్లగ్ తీసి ఉండగానే ఇది పరీక్షించాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, లావు పిన్నుకూ కంప్రెసర్ బోల్టుకూ మధ్య చూడండి. దాదాపు సున్నా రావాలి. రాకపోతే ఎర్త్ వైరు తెగింది, లేదా ఎవరో కత్తిరించారు. త్రీపిన్ వైరు మారిస్తే సరిపోతుంది. తర్వాత థర్మోస్టాట్ ఆన్‌లో ఉంచి, లావు పిన్నుకూ మిగతా రెండు పిన్నులకూ మధ్య ఎక్కువ రేంజిలో చూడండి. ఏదైనా అంకె నిలకడగా కనిపిస్తే లోపల లీకేజీ ఉంది. కంప్రెసర్ వైర్లు విప్పాక ఆ అంకె పోతే లోపం కంప్రెసర్‌దే, కొనకండి. మల్టీమీటర్ బ్యాటరీకి చిన్న లీకేజీ అందదు కాబట్టి, అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్‌తో చూపించండి.

టక్‌మంటుంది, కంప్రెసర్ ఎత్తుకోదు

ముందు ఓల్టేజీ చూడండి. బాగా తక్కువగా ఉంటే ఫ్రిజ్‌ను తప్పుపట్టలేం. 230 దగ్గర ఉన్నా ఇలాగే చేస్తే రిలే, ఓవర్‌లోడ్ పాడై ఉండొచ్చు. అవి చవకే. కానీ కంప్రెసర్ జామైనా అదే శబ్దం వస్తుంది. అక్కడికక్కడ తేల్చుకోలేకపోతే కంప్రెసర్ పోయినట్టే లెక్కేసి బేరమాడండి.

మంచు ఒక మూలే పడుతుంది

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఆన్ చేసిన అరగంట తర్వాత ఫ్రీజర్ పలకంతా సన్నటి మంచు పరుచుకోవడం మొదలవ్వాలి. గొట్టం వచ్చే మూల మాత్రమే తెల్లబడి, మిగతాది బోడిగా ఉంటే గ్యాస్ తక్కువైంది. గ్యాస్ వాడకంలో అరిగిపోదు, ఎక్కడో కారుతోంది. అందుకే "ఈమధ్యే గ్యాస్ కొట్టించాం" అంటే, లీకు ఎక్కడ మూశారని అడగండి. కత్తితో మంచు గీకిన గీతలు పలకమీద ఉన్నాయేమో చూడండి. చిల్లు కనబడేచోట ఉంటే మూయించవచ్చు. గోడలోపలి ఫోమ్‌లో కారుతుంటే వదిలేయండి. లేబుల్ మీద R600a అని ఉంటే అది మండే గ్యాస్, దాన్ని తెలిసిన మెకానిక్కే ముట్టాలి.

కంప్రెసర్ ఆగదు, బిల్లు పెరుగుతుంది

థర్మోస్టాట్ మధ్యలో ఉంచి, ఖాళీ ఫ్రిజ్‌ను రెండు మూడు గంటలు మూసి నడపండి. ఈలోపు ఒకసారైనా కట్ అవ్వాలి. కంప్రెసర్ నడిచేటప్పుడు ఎన్ని వాట్లు లాగుతోందో తెలియడానికి ఇంటి మీటరే చాలు. మిగతావన్నీ ఆపి, మీటర్ దీపం ఎన్ని సెకన్లకోసారి వెలుగుతుందో లెక్కపెట్టండి. మీటర్ మీద 3200 imp/kWh అని ఉంటే 1125ను ఆ సెకన్లతో భాగించాలి. 11 సెకన్లంటే సుమారు 100 వాట్లు. ఆగకుండా నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, నూటికి నలభై వంతుల సేపే నడిస్తే 0.96. తేడా నెలకు 43 యూనిట్లు.

ఆగకపోవడానికి తరచూ తలుపు రబ్బరే కారణం. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. జారివస్తే అక్కడ గాలి పోతోంది. రబ్బరు గట్టిపడితే వేడినీళ్ల గుడ్డతో మెత్తబరచి చూడండి, చిరిగితే కొత్తది వేయించాలి. రబ్బరు బిగుతుగా ఉండి, మంచు పలకంతా పడుతున్నా ఆగకపోతే థర్మోస్టాట్ మార్పించండి.