మిద్దె మీద వాన – 3వ పాఠం: మిల్లీమీటర్ల నుంచి లీటర్లకు, లీటర్ల నుంచి సంపుకు

పోయిన పాఠంలో వానను కొలిచాం. నిలువు గోడలున్న స్టీలు డబ్బాను మిద్దె మీద పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కేలు దించి లోతు రాసుకోమన్నాను. పెయింటు బకెట్ పెట్టిన వాళ్లు దాన్ని తీసేయండి. అది కింద సన్నం, పైన వెడల్పు. వెడల్పు మూతితో వానను పట్టి సన్నటి అడుగులో నిలబెడుతుంది కాబట్టి లోతు ఎక్కువ చూపిస్తుంది. పేపర్లో వచ్చే అంకెతో సరిపెట్టుకుందామన్నా చిక్కే. కొండ మీద కుండపోతగా పడుతుంటే కింద టౌన్లో చినుకులే ఉన్న రోజులు తిరుపతి వాళ్లకు తెలియనివి కావు. పైగా ఆ అంకె ఒక్కోసారి సెంటీమీటర్లలో ఉంటుంది. 4 సెంటీమీటర్లంటే 40 మిల్లీమీటర్లు.

ఈ పాఠంలో ఆ మిల్లీమీటర్లను లీటర్లు చేద్దాం. తర్వాత ఎంత సంపు కావాలో చూద్దాం. మొదటిది సులువు, చాలామంది తప్పేది రెండో దాంట్లోనే.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు. మీటరులో వెయ్యో వంతు మిల్లీమీటరు, ఘనపు మీటరులో వెయ్యో వంతు లీటరు. అందుకే మధ్యలో వేరే గుణకమేదీ రాదు. మిద్దె ఎన్ని చదరపు మీటర్లో, వాన ఎన్ని మిల్లీమీటర్లో, ఆ రెండూ గుణిస్తే లీటర్లు.

అయితే మనకు మిద్దె చదరపు మీటర్లలో తెలియదు, అడుగుల్లోనో అంకణాల్లోనో తెలుస్తుంది. చదరపు అడుగులైతే 10.76తో భాగించండి. అంకణాలైతే ముందు ఏ అంకణమో అడగండి. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంట్లో లెక్క వేస్తే నీళ్లు రెట్టింపయినా కావచ్చు, సగమైనా కావచ్చు!

మా ఇంటినే తీసుకుంటాను. 25 అంకణాలు, అంటే 900 చదరపు అడుగులు. 10.76తో భాగిస్తే 83.6 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు 83.6 లీటర్లన్నమాట. కానీ అన్నీ పైపులోకి రావు. ఎండకు కాగిన కాంక్రీటు కొంత పీలుస్తుంది, గుంటల్లో కొంత నిలుస్తుంది, కొంత ఆవిరైపోతుంది. కాంక్రీటు మిద్దెకు నేను 0.8 వేసుకుంటాను, అంటే పదిలో ఎనిమిది వంతులు వస్తాయని. రేకులకైతే 0.9 వేసుకోవచ్చు. మా మిద్దెకు 83.6 × 0.8, సుమారు 67. ఈ 67ను నేను మా మిద్దె నంబరు అంటాను. మిల్లీమీటరుకు 67 లీటర్లు. ఒకసారి లెక్క కట్టి మెట్ల కింద గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాను. ఇక ఏ వాన పడ్డా దాంతో గుణించడమే. మీ మిద్దె నంబరు మీరూ రాసి పెట్టుకోండి.

రాసే ముందు ఒక పరీక్ష చెయ్యండి. మిద్దెకు మూలమూలకీ డౌన్‌పైపులు ఉంటాయి. సంపులోకి కలిపింది మాత్రం ఒకటో రెండో ఉంటాయి. మిగతావి వీధిలోకి పోతుంటాయి. అప్పుడు లెక్కలోకి వచ్చేది మిద్దె మొత్తం కాదు, ఆ పైపు వైపు వాటం ఉన్న భాగమే. వాటం కంటికి కనపడదు. ఎండ రోజున మిద్దె మధ్యలో ఒక బకెట్ నీళ్లు నెమ్మదిగా పోసి, తడి ఎటు పాకుతుందో చూడండి. నాలుగైదు చోట్ల పోసి, తడి వెళ్లిన దిక్కును సుద్దముక్కతో బాణం గీయండి. సంపు పైపు వైపు తిరిగిన బాణాలున్న మేర టేపుతో కొలవండి. మా ఇంట్లో మొదట మూడో వంతు మిద్దె వెనక సందులోకి పోయేది. ఆ పైపును కూడా కలిపించాకే 900 అడుగులూ లెక్కలోకి వచ్చాయి. మెట్ల గది కప్పు మీది నీళ్లు మిద్దె మీదికే పడుతుంటే ఆ చోటును విడిగా కలపొద్దు. పై నుంచి చూస్తే అది మిద్దె కొలతలోనే ఉంది.

తొలి వాన నీళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. పావురాల రెట్టలు, వేపాకులు, దుమ్ము మొదటి నీళ్లతోనే కొట్టుకొస్తాయి. కనీసం ఒక మిల్లీమీటరు వానను బయటికి వదలాలి. మాకు అది, 0.8 వేయకుండా లెక్కేస్తే, 80 లీటర్ల పైమాటే. కొందరు దీనికోసం డౌన్‌పైపు పక్కన మీటరు పొడవు 4 అంగుళాల పైపు ముక్కను నిలబెట్టి, దానికి కింద మూత బిగిస్తారు. 4 అంగుళాల పైపులో మీటరుకు పట్టేది సుమారు 8 లీటర్లే. 80 లీటర్లు పట్టాలంటే పది మీటర్ల పైపు కావాలి. అంతకంటే వంద లీటర్ల డ్రమ్ము పెట్టుకోవడం తేలిక. డ్రమ్ము నిండాకే నీళ్లు సంపు దారి పట్టేలా పైపు కలపాలి, వాన వెలిశాక డ్రమ్మును ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేయడం మర్చిపోతే ఆ డ్రమ్ము ఉన్నా లేనట్టే.

ఇక సంపు. మన జిల్లాలో ఏడాది వాన రమారమి 900 మిల్లీమీటర్లు. 67తో గుణిస్తే 60,300 లీటర్లు. ఈ అంకె చూసి మా పక్కింటాయన "అరవై వేల లీటర్ల సంపా? ఇల్లు పగలగొట్టాల్సిందే" అని అక్కడితో ఆపేశాడు. ఆ నీళ్లన్నీ ఒకేసారి వచ్చేట్టయితే ఆయన మాట నిజమే. కానీ ఒకపక్క వస్తుంటాయి, ఒకపక్క మనం వాడుతుంటాం. సంపు పరిమాణాన్ని నిర్ణయించేది ఏడాది వాన కాదు. ఒక ముసురులో వచ్చేది, ఆ రోజుల్లో మనం వాడేది, ఈ రెండిటి తేడా.

అందుకని బ్యాంకు పాస్‌బుక్‌లాగా రోజువారీ రాసి చూడాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి కార్తీకమాసపు ముసురు ఒకటి ఊహించుకుందాం. ఆరు రోజుల్లో వరసగా 40, 25, 0, 60, 0, 10 మిల్లీమీటర్లు. ఇంట్లో బట్టలకు, బాత్రూముకు, మొక్కలకు రోజుకు 300 లీటర్లు వాడుతున్నాం. మొదటి రోజు 40 × 67 = 2,680, అందులో తొలి నీళ్లు 80 పోతే 2,600. మిగతా వాన రోజుల్లో వరసగా 1,675, 4,020, 670. మొత్తం 8,965 లీటర్లు.

5,000 లీటర్ల సంపు ఖాళీగా ఉందనుకుందాం. మొదటి రోజు 2,600 వచ్చి 300 వాడితే సాయంత్రానికి 2,300. రెండో రోజు 1,675 కలిసి 3,975, వాడాక 3,675. మూడో రోజు వాన లేదు, 3,375. నాలుగో రోజు 4,020 వస్తే 7,395 కావాలి, కానీ 5,000 దాటి పట్టదు. 2,395 లీటర్లు పొంగిపోతాయి. వాడాక 4,700. ఐదో రోజు 4,400. ఆరో రోజు 670 వస్తే ఇంకో 70 పొంగి, చివరికి 4,700 మిగులుతుంది.

ఇదే లెక్క 3,000 లీటర్ల సంపుకు వేస్తే 4,465 లీటర్లు పొంగిపోతాయి, వచ్చిన నీళ్లలో దాదాపు సగం. 8,000 లీటర్ల దాంట్లో చుక్క పోదు, ఆఖరికి 7,165 ఉంటుంది. అలాగని 8,000కు పోదామా? ముసురు వెలిశాక 3,000 సంపులో మిగిలింది తొమ్మిది రోజులకు, 5,000 దాంట్లోది పదిహేను రోజులకు, 8,000 దాంట్లోది ఇరవై మూడు రోజులకు వస్తుంది. నవంబరులో పదిహేను రోజుల్లోపు ఇంకో వాన పడే అవకాశం బాగానే ఉంది. అది పడేసరికి పెద్ద సంపులో ఇంకా మూడో వంతు దాకా పాత నీళ్లే ఉంటాయి, 5,000 దాంట్లో కన్నా కొత్త నీళ్లకు దొరికే అదనపు చోటు కొద్దే. వేసవికి దాచుకుందామంటే 8,000 కూడా ఒక మూలకు రాదు. అందుకే మాలాంటి ఇంటికి నేను 5,000 దగ్గర ఆగుతాను, పొంగే నీళ్లను ఇంకుడు గుంతకు కలుపుతాను. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారినంత నీటికి ఎవరూ సంపు కట్టలేరు. అలాంటి రోజున పనికొచ్చేది పెద్ద సంపు కాదు, సరైన సైజు ఓవర్‌ఫ్లో పైపు.

మేస్త్రికి లీటర్లు చెబితే లాభం లేదు, అడుగులు కావాలి. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు. 5,000ను 28.3తో భాగిస్తే దాదాపు 177 ఘనపుటడుగులు. 7 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నాలుగుంపావు అడుగుల నీటి లోతైతే 178.5. సరిపోయింది.

నేను ఇక్కడే దెబ్బతిన్నాను. "ఏడు బై ఆరు" అని చెప్పి ఆఫీసుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే గుంత ఏడు బై ఆరు ఉంది, దాని లోపల నాలుగు పక్కలా తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేస్తోంది. లోపల మిగిలింది ఐదున్నర బై నాలుగున్నర. "లోపలా బయటా అని నువ్వు చెప్పలేదు గదన్నా" అన్నాడు మేస్త్రి. ఆయన తప్పేమీ లేదు. ఆ కొలతతో కట్టి ఉంటే 2,977 లీటర్లే పట్టేవి. ఇటుకలు తీయించి గుంత వెడల్పు చేయించడానికి ఒక రోజు కూలి అదనం.

లోతులోనూ ఇలాంటి మోసమే ఉంది. నీటి లోతును ఓవర్‌ఫ్లో పైపు దగ్గర నుంచి కొలవాలి, స్లాబు దగ్గర నుంచి కాదు. పైపు స్లాబుకు ముప్పావు అడుగు కింద ఉంటే నాలుగుంపావు అడుగుల నీటికి ఐదడుగుల గుంత కావాలి. అడుగున మోటారు ఫుట్‌వాల్వ్ అర అడుగు ఎత్తులో ఉంటే దాని కింది నీళ్లు పైకి రావు. 7 × 6 × 0.5 × 28.3, సుమారు 594 లీటర్లు ఎప్పటికీ అక్కడే ఉంటాయి. అంటే చేతికొచ్చేది దాదాపు 4,450. నిజంగా 5,000 వాడుకోవాలంటే గుంతను ఇంకో అర అడుగు దింపించండి. అడుగున మిగిలే ఆ నీళ్లు బురద పేరుకోవడానికి పనికొస్తాయి, కాబట్టి వాల్వును నేలకు ఆనించకండి.

వచ్చే పాఠంలోపు ఈ లెక్క చేసి ఉంచండి. చిత్తూరు దగ్గర ఒక పశువుల కొట్టం, ఒకవైపే వాలిన రేకుల కప్పు. కింద నేల మీద కొలిస్తే 24 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. వాలు వెంబడి రేకు పొడవు 16 అడుగులు. 35 మిల్లీమీటర్ల వాన పడింది. ఎన్ని లీటర్లు వస్తాయి? ఇందులో ఒక కొలత మిమ్మల్ని తప్పుదారి పట్టించడానికే ఇచ్చాను. జవాబుతోనే నాలుగో పాఠం మొదలుపెడదాం. ఆ తర్వాత ఓవర్‌ఫ్లో పైపుకు ఎన్ని అంగుళాలు కావాలో చూద్దాం.