ఫోటోలో లేని వస్తువును పెట్టేటప్పుడు నీడ, ఎండ రంగు కలిసేలా చేయడం ఎలా?

విల్లివాక్కంలో ఉండే మా పిన్ని వడియాలు, పచ్చళ్లు చేసి వాట్సాప్‌లో అమ్ముతుంది. మార్చి చివర్లో ఒక సాయంత్రం నాలుగున్నరకు డాబా మీద ఎండబెట్టిన వడియాల ఫోటో ఒకటి ఆమెకు చాలా ఇష్టం. మొన్న నవంబరులో ఫోన్ చేసి, "ఆ ఫోటోలో వడియాల పక్కన మన పచ్చడి జాడీ కూడా ఉన్నట్టు చేసి పెట్టరా" అంది. చెన్నైలో అప్పుడు ముసురు. మళ్లీ డాబా ఎక్కి తీద్దామంటే ఎండ లేదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద జాడీ ఫోటో తీసి, కత్తిరించి అతికించి, కింద నల్లటి నీడ వేశాను. జాడీ నేల మీద నిలబడినట్టే లేదు, స్టిక్కరులా ఉంది. రెండోసారి ఏం మార్చానో, ఎందుకు మార్చానో వరసగా చెబుతాను. నేను వాడింది GIMP. Photoshop లోనూ పద్ధతి ఇదే.

ముందు ఎండ ఎటు నుంచి వస్తోందో గీతలు గీసి చూడండి

కంటి అంచనాను నమ్మకండి. పిన్ని ఫోటోలో దండెం కర్రలు రెండున్నాయి, రెండింటి నీడలూ నేల మీద పడ్డాయి. కొత్త లేయరు తీసుకుని, ఒక్కో కర్ర మొదలు నుంచి దాని నీడ కొస దాకా గీత గీసి, ఇంకా ముందుకు పొడిగించండి. ఎండ నిజానికి సమాంతరంగానే వస్తుంది. కానీ రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపించినట్టే, ఫోటోలో ఈ గీతలు కూడా క్షితిజ రేఖ మీద ఒకచోట కలుస్తాయి. మా ఫోటోలో సూర్యుడు కెమెరాకు వెనక ఎడమవైపు ఉన్నాడు కాబట్టి, అవి కుడివైపు ఫ్రేము బయట కలిశాయి. జాడీ అడుగు నుంచి ఆ బిందువుకే గీత గీస్తే నీడ దిక్కు దొరికినట్టే.

ఇప్పుడు పొడవు. కర్ర పైకొస నుంచి నీడ కొసకు గీత గీసి పొడిగించండి, రెండో కర్రకూ అలాగే. ఇవి కలిసే చోటు, కెమెరాను పక్కకు గానీ కిందికి గానీ వంచకుండా పట్టుకుని ఉంటే, ముందటి బిందువుకు సూటిగా కింద ఉంటుంది. అలా రాకపోతే మీ గీతల్లో ఏదో తప్పు పోయింది. జాడీ పైకొస నుంచి ఈ కింది బిందువుకు గీసిన గీత, నేల మీది గీతను ఎక్కడ కోస్తుందో అక్కడే నీడ ముగుస్తుంది. మార్చి చివర్లో ఆ వేళకు చెన్నైలో సూర్యుడు సుమారు 26 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే నీడ వస్తువు ఎత్తుకు దాదాపు రెట్టింపు. 30 సెంటీమీటర్ల జాడీకి 60 సెంటీమీటర్ల నీడ అన్నమాట.

జాడీ నుంచి 40 సెంటీమీటర్లు పోగానే పిట్టగోడ అడ్డమొచ్చింది. గోడ దగ్గర నీడ ఆగిపోదు, విరిగి గోడ ఎక్కుతుంది. మిగిలిన 20 సెంటీమీటర్ల నీడ గోడ మీద నిలువుగా 10 సెంటీమీటర్లు లేస్తుంది. మొదటిసారి నేను నీడను గోడ మొదట్లోనే కత్తిరించేశాను. జాడీ తేలిపోయినట్టు కనిపించడానికి అదొక కారణం.

నీడ ఆకారానికి జాడీ కటౌట్‌నే నల్లగా చేసి, Perspective టూల్‌తో నేల మీదికి వాల్చవచ్చు. జాడీ గుండ్రంగా ఉంది కాబట్టి ఇది చెల్లుతుంది. కుర్చీకో సైకిలుకో చెల్లదు. నీడ అంటే సూర్యుడి వైపు నుంచి చూస్తే కనిపించే ఆకారం, కెమెరాకు కనిపించేది కాదు. అలాంటివాటికి నీడను చేత్తో గీయాల్సిందే.

నీడ నలుపు కాదు

ఎండలో తీసిన ఫోటోలో వెలుగులు రెండుంటాయి. ఒకటి పసుపు తిరిగిన ఎండ, రెండోది నీలి ఆకాశం. నీడ పడినచోట ఎండ ఆగుతుంది గానీ ఆకాశపు వెలుగు పడుతూనే ఉంటుంది. అందుకే నీడలో నీలం ఛాయ ఉంటుంది.

దాని రంగు ఊహించనక్కర్లేదు, ఫోటోలోనే ఉంది. దండెం కర్ర నీడకు ఇవతల, లోపల ఒకే సిమెంటు నేలను కలర్ పికర్‌తో చూశాను. ఎండలో 206, 178, 148. నీడలో 92, 90, 96. నీడ అంకెను ఎండ అంకెతో భాగించి 255తో గుణించండి:

```
R: 92 / 206 × 255 = 114
G: 90 / 178 × 255 = 129
B: 96 / 148 × 255 = 165
```

నీడ లేయరును ఈ 114, 129, 165 రంగుతో నింపి, మోడ్ Multiply పెట్టండి. ఇక opacity తగ్గించకండి. ఈ రంగు నేలది కాదు, వెలుగుది. కాబట్టి నీడ తెల్లటి వడియాల గుడ్డ మీద పడినా చాలావరకు సరిపోతుంది. గోడ మీద మాత్రం ఎండ పడే కోణం వేరు. అక్కడ ఉన్న నీడను మళ్లీ కొలిచి వేసుకోవడం మేలు.

మీ నీడ మరో వస్తువు నీడ మీద పడితే, కలిసిన భాగాన్ని చెరిపేయండి. ఎండను ఒకసారి ఆపాక మళ్లీ ఆపడానికి ఏమీ ఉండదు. మొదటిసారి నీళ్ల ట్యాంకు నీడలో నా జాడీ నీడ ఇంకా నల్లగా కనిపించింది. పిన్నికి కారణం చెప్పడం రాలేదు గానీ, "ఇక్కడేదో మచ్చలా ఉందిరా" అని వేలు పెట్టి మరీ చూపించింది.

అంచుల సంగతి తక్కువే. జాడీ అడుగున నీడ పదునుగా ఉండాలి, కొసకు పోయేకొద్దీ మెత్తబడాలి. ఈ జాడీ నీడ కొసన ఆ మెత్తదనం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు కంటే ఉండదు. నీడ మొత్తానికీ ఒకే Gaussian Blur కొడితే మబ్బు పట్టిన రోజులా అయిపోతుంది. అడుగు నేలను తాకేచోట ఆకాశపు వెలుగు కూడా దూరదు కాబట్టి, అక్కడ సన్నటి చీకటి గీత విడిగా వేయండి. జాడీ కుదురుగా కూర్చున్నట్టు కనిపించేది దీనివల్లే.

జాడీకి రెండు రంగులు

పైనున్న ట్యూబ్‌లైట్ కింద తీసిన జాడీకి ఎడమ, కుడి రెండు వైపులా ఒకేలా వెలుగుంది. దీన్ని రంగులు మార్చి సరిచేయలేం. నేను జాడీని మళ్లీ తీశాను. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, కెమెరాకు వెనక ఎడమపక్కన ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టాను. జాడీ మూతి నుంచి మీటరు దూరానికి అర మీటరు ఎత్తు చొప్పున ఉంచితే 26 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. కుడివైపు తెల్ల అట్ట నిలబెట్టాను. వైట్ బ్యాలెన్స్ సరిచేశాక జాడీ తెలుపు వెలుగువైపు 240, 240, 240, చీకటివైపు 110, 110, 110 వచ్చింది.

డాబా ఫోటోలో సున్నం వేసిన పిట్టగోడ ఎండలో 250, 226, 190. ఎండలో తెలుపు ఎలా ఉంటుందో అదే చెబుతోంది. ఆ నిష్పత్తిలో జాడీ 240, 217, 182 కావాలి. Colors > Levels తెరిచి, Output Levels పై అంకె Green కు 231, Blue కు 193 పెడితే వస్తుంది.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు, అప్పుడు జాడీ మొత్తం పసుపెక్కిపోతుంది. అదే గోడ నీడవైపు 108, 112, 122 ఉంది, అంటే కాస్త నీలం. కాబట్టి జాడీకి రెండు కాపీలు చేయండి. పైదానికి పసుపు, కిందిదానికి ఈ కొద్దిపాటి నీలం. పై కాపీకి మాస్కు పెట్టి, వెలుగు చీకటిలోకి మారే చోటు నుంచి చీకటివైపంతా మెత్తటి బ్రష్‌తో చెరపండి. అడుగున, నేల నుంచి ఎగసే వెచ్చని రంగు కొంచెం అద్దండి.

చివరగా అన్ని లేయర్ల పైన కలిపిన కాపీ ఒకటి చేసి, దాని Saturation ను గరిష్ఠానికి లాగండి. మామూలుగా కంటికి దొరకని తేడా అప్పుడు బయటపడుతుంది. నాకు జాడీ నీడవైపు ఊదాగా, గోడ నీడవైపు నీలంగా కనిపించింది. ఎరుపు రెండు పాయింట్లు తగ్గించాక రెండూ ఒకే రంగుకు వచ్చాయి. ఆ కాపీని తీసేసి, ఫోటో పిన్నికి పంపాను.